కొత్త టీమ్‌కి పరిచయం మెయిల్: ఎనిమిది లైన్లు చాలు

ప్రశ్న: ఆరేళ్లు ఒకే కంపెనీలో టెస్టింగ్ చేసి ఈ సోమవారమే గచ్చిబౌలిలో కొత్త కంపెనీలో చేరాను. టీమ్ అందరికీ ఒక ఇంట్రో మెయిల్ పెట్టమన్నారు మా మేనేజర్. సగం మంది ఇక్కడ, మిగతావాళ్లు అమెరికా, పోలండ్. చిన్నగా ఉండాలి, కానీ గుర్తుండాలి. రాయడం, చెరిపేయడం, రెండు రోజులుగా ఇదే పని. టెన్షన్‌గా ఉంది. అసలు ఏం రాయాలి?

ఎనిమిది లైన్లు దాటకండి. అందులో నాలుగు విషయాలు చాలు: మిమ్మల్ని ఏమని పిలవాలి, ఈ టీమ్‌లో మీ పని ఏంటి, ఏ విషయం వస్తే మీ దగ్గరికి రావాలి, పనితో సంబంధం లేని ఒక్క చిన్న సంగతి. చదువు, సర్టిఫికెట్లు, తెలిసిన టూల్స్ జాబితా ఏవీ వద్దు. రేపు సాయంత్రం పంపేయండి. మర్నాడు, మీ పనితో నేరుగా ముడిపడి ఉన్న ముగ్గురికి మాత్రం విడివిడిగా మూడేసి లైన్లు రాయండి. నిజం చెప్పాలంటే అసలు పరిచయం ఆ మూడు మెయిల్స్‌తోనే అవుతుంది.

నేను ఈ రంగంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను, అందులో సగం కాలం టీమ్ లీడ్‌గా, మేనేజర్‌గా. కొత్తగా చేరినవాళ్లు మెయిల్ పంపే ముందు నాకు చూపించమని అడుగుతాను, అందుకే ఇలాంటివి చాలా చదివాను, చాలా దిద్దాను. అక్కడ నేర్చుకున్నదే రాస్తున్నాను.

ముందు ఈ "గుర్తుండటం" సంగతి. మీ మెయిల్ చదివి మిమ్మల్ని మనసులో పెట్టుకుంటారని అనుకోకండి. పొద్దున్నే నలభై మెయిల్స్ మధ్యలో మీది ఒకటి, పది సెకన్లు చూసి ముందుకెళ్లిపోతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మీరు గుర్తొచ్చేది మూడు వారాల తర్వాత, వాళ్లకి ఏదో ఒక పని ఆగిపోయినప్పుడు. "దీని గురించి ఎవరో కొత్తగా చేరినవాళ్లు రాశారే" అనిపించి మెయిల్ పెట్టెలో ఒక మాట కొట్టి వెతుకుతారు. ఆ మాట మీ మెయిల్‌లో ఉంటే మీరు దొరుకుతారు. "ఆరేళ్ల అనుభవం, ఆటోమేషన్, కష్టపడే తత్వం" అని రాసిన మెయిల్ ఎవరికీ దొరకదు, ఎందుకంటే పని ఆగిపోయినప్పుడు ఆ మాటలు పెట్టి ఎవరూ వెతకరు. అందుకే మీరు ఏం తెలిసినవాళ్లో కాదు, ఏ సమస్య వచ్చినప్పుడు మీరు పనికొస్తారో రాయండి, అదీ ఆ సమస్యని టీమ్‌లో ఏ మాటతో పిలుస్తారో ఆ మాటతోనే.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక ఉదాహరణ చెప్తాను. కొన్నేళ్ల క్రితం మా పేమెంట్స్ టీమ్‌లో ఒక అమ్మాయి టెస్టర్‌గా చేరింది. ఇక్కడ స్రవంతి అందాం, అసలు పేరు అది కాదు. టీమ్‌లో పద్నాలుగు మంది: ఎనిమిది మంది హైదరాబాద్‌లో, నలుగురు డాలస్‌లో, ఇద్దరు పోలండ్‌లోని క్రాకోలో. రెండో రోజు నాకు పంపిన చిత్తుప్రతి దాదాపు ఇలా ఉంది (ఇంగ్లిష్‌లో రాసింది, విషయం తెలుగులో చెప్తున్నాను):

> అందరికీ నమస్కారం. మీరందరూ క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. మైసెల్ఫ్ స్రవంతి. 2015లో బీటెక్ పాస్డ్ అవుట్. నాకు ఆరేళ్లకు పైగా అనుభవం ఉంది. సెలీనియం, జావా, పోస్ట్‌మన్, జిరా వచ్చు. గతంలో ఫలానా బ్యాంకు ప్రాజెక్టులో పనిచేశాను. ఇంత గొప్ప సంస్థలో చేరడం ఆనందంగా ఉంది. కొత్త విషయాలు నేర్చుకోవాలనే తపన ఉంది. పాటలు వినడం, ప్రయాణాలు, వంట నా హాబీలు. మీ అందరి సహకారం కోరుతున్నాను.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, మర్యాదకూ లోటు లేదు. కానీ పైన పేరు మార్చి ఎవరిది పెట్టినా సరిపోతుంది. ఒక్కొక్క లైన్ తీసుకుని ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.

క్షేమసమాచారం లైన్ ముందు తీసేశాం. ఫోన్‌లో మెయిల్ తెరవక ముందే సబ్జెక్టు, దాని కింద మొదటి కొన్ని మాటలు కనిపిస్తాయి. తెరవాలా వద్దా అని చాలామంది అక్కడే తేల్చుకుంటారు. ఆ చోటు "క్షేమంగా ఉన్నారని"తో నిండిపోతే మీరెవరో లోపలికొస్తే తప్ప తెలియదు.

"మైసెల్ఫ్ ఫలానా" మన దగ్గర ఇంటర్వ్యూల నుంచి అలవాటైన మాట. ఇక్కడివాళ్లకి అర్థమవుతుంది కానీ బయటివాళ్ల చెవికి తప్పుగా తగులుతుంది, "ఐ యామ్ ఫలానా" అంటే సరిపోతుంది. "పాస్డ్ అవుట్" సంగతి ఇంకా ఇబ్బంది, అమెరికా వాళ్లకి అది స్పృహ తప్పి పడిపోవడం. చదువు గురించే చెప్పాల్సి వస్తే "గ్రాడ్యుయేటెడ్" అనండి. అయినా ఆరేళ్లు పనిచేసినవాళ్లు ఏ ఏడాది డిగ్రీ చేశారో ఈ మెయిల్‌లో ఎవరికీ అక్కర్లేదు.

బ్యాంకు పేరు తీసేయమని గట్టిగా చెప్పాను. పాత కంపెనీలో సంతకం పెట్టిన గోప్యత ఒప్పందంలో క్లయింట్ పేరు బయటపెట్టకూడదని ఉండటం మన సర్వీస్ కంపెనీల్లో మామూలే, ఉద్యోగం మానేసినా అది వర్తించవచ్చు. "ఒక పెద్ద బ్యాంకు" అంటే చాలు. ఒకవేళ ఈ కొత్త టీమ్ పనిచేసేది ఆ బ్యాంకుకి పోటీ సంస్థకైతే, మీ మేనేజర్‌కి అది నిజంగా తలనొప్పి అవుతుంది.

ఇక టూల్స్ జాబితా. ఆ టీమ్‌లో టెస్టర్లందరికీ అవే వచ్చు. అందుకని నేను తనని ఒకటే అడిగాను: "ఈ ఆరేళ్లలో నువ్వు పట్టుకున్న తప్పుల్లో, నీ తర్వాత వచ్చినవాళ్లు ఫోన్ చేసి మరీ నిన్ను అడిగేది దేని గురించి?" కాసేపు ఆలోచించి చెప్పింది. డబ్బు వాపసు పంపేటప్పుడు మధ్యలో టైమవుట్ వస్తే సిస్టమ్ మళ్లీ ప్రయత్నిస్తుంది, మొదటిది నిజానికి వెళ్లిపోయి ఉంటే కస్టమర్‌కి రీఫండ్ రెండుసార్లు పడుతుంది, అలాంటివి పట్టుకోవడంలో తనకి చెయ్యి తిరిగిందని. అదే రాయమన్నాను. చివరికి వెళ్లిన మెయిల్ ఇది:

> సబ్జెక్టు: స్రవంతి – పేమెంట్స్ టీమ్‌లో కొత్త టెస్టర్ – రీఫండ్స్
>
> అందరికీ నమస్తే,
>
> నేను స్రవంతిని. సోమవారం నుంచి పేమెంట్స్ టీమ్‌లో రీఫండ్స్ టెస్టింగ్ చూస్తున్నాను. మెయిల్‌లో మా ఇంటిపేరు ముందు కనిపిస్తుంది, కానీ నన్ను స్రవంతి అనే పిలవండి.
>
> గత నాలుగేళ్లు నేను ఎక్కువగా పనిచేసింది ఒకే సమస్య మీద: టైమవుట్ తర్వాత మళ్లీ ప్రయత్నించినప్పుడు ఒకే రీఫండ్ రెండుసార్లు వెళ్లడం. అలాంటిది కనిపిస్తే, అనుమానం మాత్రమే అయినా, నాకు పంపండి.
>
> ఈ రెండు వారాలు పాత టెస్ట్ కేసులు చదువుతుంటాను, కాబట్టి ప్రశ్నలు ఎక్కువగానే అడుగుతాను. హైదరాబాద్ టైం ఉదయం 10 నుంచి సాయంత్రం 7 వరకు ఉంటాను.
>
> మాది పోచంపల్లి. ఇంట్లో ఇప్పటికీ ఇక్కత్ మగ్గం నడుస్తోంది.
>
> స్రవంతి

ఫోన్‌లో దాదాపు ఒక తెరకి సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రాస్తే ఎనభై, తొంభై మాటలు. ఆ రోజు వచ్చిన జవాబులు చాలావరకు "వెల్‌కమ్" అనే ఒక్క మాటే. క్రాకో నుంచి ఒకాయన మాత్రం ఇక్కత్ అంటే ఏంటని అడిగాడు. నేతకి ముందే దారానికి రంగులు అద్దుతారని, నేసేటప్పుడు పోగు పక్కకి జరిగితే డిజైన్ చెదిరిపోతుందని తను ఒక ఫొటోతో జవాబు రాసింది. నాకు ముఖ్యంగా అనిపించింది మాత్రం నాలుగో వారంలో జరిగింది. డాలస్‌లో ఒక డెవలపర్‌కి ఒకే ఆర్డర్ మీద రెండు రీఫండ్‌లు కనిపించాయి. అప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటింది. అతను నాకు రాయలేదు, లీడ్‌కీ రాయలేదు. తన మెయిల్స్‌లో రీఫండ్, టైమవుట్ అని వెతికితే ఈ మెయిల్ దొరికింది, నేరుగా స్రవంతికే వివరాలు పంపాడు. పొద్దున పదింటికి తను సీట్లో కూర్చునేసరికి పని సిద్ధంగా ఉంది. నేను మధ్యలో ఉండి ఉంటే కనీసం ఒక రోజు పోయేది.

అందుకే మెయిల్ పనిచేసిందా లేదా అని చూడటానికి వెల్‌కమ్‌లు లెక్కపెట్టకండి. నెల తిరిగేలోపు మేనేజర్ ప్రమేయం లేకుండా ఎవరైనా నేరుగా మీకు రాశారా అన్నదే చూడండి.

ఇప్పుడు పేరు సంగతి, ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి అక్షరాలుగా, కొందరికి పూర్తిగా. హెచ్ఆర్ వాళ్లు పాస్‌పోర్టు చూసో సర్టిఫికెట్ చూసో సిస్టమ్‌లో ఎక్కిస్తారు, అక్కడ ఏది ముందు పడితే బయటివాళ్లు దాన్నే మీ పేరు అనుకుంటారు. 2011లో నేను ఒక అమెరికా టీమ్‌తో పనిచేసినప్పుడు నాలుగు నెలలు నన్ను మా ఇంటిపేరుతోనే పిలిచారు. మొదటి మెయిల్‌లో సరిదిద్దలేదు, తర్వాత చెప్పడానికి మొహమాటపడ్డాను. అప్పటికి టికెట్లలో, మీటింగ్ నోట్సుల్లో అన్నిట్లో అదే పేరు. నన్ను ఎవరో వేరే మనిషిగా పిలుస్తున్నట్టు ఉండేది, ఆ బాధ నాకు ఇంకా గుర్తుంది. మొదటి మెయిల్‌లో ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. పేరు పలకడం కష్టమైతే ఎలా పలకాలో కూడా విడగొట్టి రాయండి, ఎవరూ తప్పుగా అనుకోరు. వాళ్లకి కూడా తప్పు పలుకుతామేమోనని భయం ఉంటుంది, అది పోతుంది. కానీ వాళ్ల సౌకర్యం కోసం మీకు ఇష్టంలేని పొట్టి పేరు మాత్రం పెట్టుకోకండి. మొదటి వారంలో పెట్టుకున్నది అక్కడ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఆ చిన్న సొంత సంగతి గురించి కూడా కొంచెం ఆగి చెప్పాలి. పాటలు, ప్రయాణాలు, క్రికెట్ అంటే ఎవరూ పట్టించుకోరు, అందరూ అదే రాస్తారు కాబట్టి. అవతలివాళ్లు ఒక ప్రశ్న వేయగలిగేంత నిర్దిష్టంగా ఉండాలి. "వంట ఇష్టం" అనకుండా "ప్రతి వేసవిలో అమ్మతో కలిసి ఆవకాయ పెడతాను" అనండి, పోలండ్ వాళ్లు అదేంటని అడుగుతారు, హైదరాబాద్ వాళ్లు ఒక సీసా తెమ్మంటారు. టీమ్ అంతా ఇక్కడే ఉంటే ఇంకా సులువు. "మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చి అమీర్‌పేటలో మారతాను, అదే దారిలో వచ్చేవాళ్లు ఉంటే చెప్పండి" అని ఒకబ్బాయి రాస్తే ఆ వారంలోనే తోడు దొరికింది.

అయితే ఒక జాగ్రత్త. మన ఆఫీసుల్లో ఊరు, ఇంటిపేరు, ఇంట్లోవాళ్ల వృత్తి చెబితే దాన్నిబట్టి కులం లెక్కగట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్రవంతి ఆ మగ్గం లైన్ తనే రాసింది, గర్వంగానే రాసింది, ఉంచాలా అని నేను అడిగితే ఉంచుదామంది. మీకు అలా అనిపించకపోతే ఊరి సంగతే ఎత్తకండి. పెంచుకునే మొక్కల గురించో, నేర్చుకుంటున్న ఈత గురించో రాయండి. ఏది చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం లాంటివి ఈ మెయిల్‌లో అసలు అక్కర్లేదు.

ఎప్పుడు పంపాలి అంటే, మొదటి రోజు వద్దు. ఆ రోజు లాప్‌టాప్, యాక్సెస్‌లు, హెచ్ఆర్ కాగితాలతోనే సరిపోతుంది, టీమ్‌లో ఎవరు ఏం చేస్తారో తెలియదు కాబట్టి మీ పని ఏంటో కూడా పుస్తకంలో రాసినట్టు రాస్తారు. రెండు రోజులు మీటింగ్‌లలో కూర్చుంటే వాళ్లు వాడే మాటలు చెవిన పడతాయి, ఆ మాటలతో రాయొచ్చు. మొదటి వారం దాటనివ్వకండి, ఆ తర్వాత పరిచయం అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక గంట సంగతి: మీ అమెరికా వాళ్లు డాలస్ వైపు టైంలో ఉంటే, అక్కడ వేసవి సమయం నడిచేటప్పుడు మన సాయంత్రం 6:30కి అక్కడ ఉదయం 8, పోలండ్‌లో మధ్యాహ్నం 3. చలికాలంలో రెండు చోట్లా ఒక గంట వెనక్కి. ఆ సమయంలో పంపితే డాలస్ వాళ్ల పెట్టెలో పైన ఉంటుంది, పోలండ్ వాళ్లు ఇంకా ఆఫీసులో ఉంటారు, ఇక్కడివాళ్లు ఇంటికి బయల్దేరేముందు చూస్తారు. ఆ వేళకి మీరు దారిలో ఉంటే ముందే రాసి Schedule send పెట్టేయండి. శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు.

పంపే ముందు గ్రూప్ అడ్రస్‌ని విప్పి చూడండి. అవుట్‌లుక్‌లో గ్రూప్ పేరు పక్కన ఉన్న + గుర్తు నొక్కితే లోపల ఎవరెవరు ఉన్నారో కనిపిస్తుంది. టీమ్ గ్రూప్ అనుకున్నదాంట్లో క్లయింట్ మనుషులు ఉండటం నేను రెండుసార్లు చూశాను. ఒకసారి కొత్తగా చేరిన అబ్బాయి ఇంట్రో మెయిల్ క్లయింట్ వైపు పెద్దలకి వెళ్లింది, కాంట్రాక్టులో ఇంకా చూపించని మనిషి టీమ్‌లో ఎలా ఉన్నాడని మర్నాడే ప్రశ్న వచ్చింది. ఆ అబ్బాయి తప్పు అందులో ఏమీ లేదు, కానీ చాలా నలిగిపోయాడు. బయటివాళ్లు కనిపిస్తే మేనేజర్‌ని అడిగి, లోపలివాళ్ల పేర్లు మాత్రమే పెట్టి పంపండి. ఫోన్ నంబర్ కూడా పెద్ద గ్రూప్‌కి పంపక్కర్లేదు, కావాల్సినవాళ్లకి తర్వాత ఇస్తారు.

మీ మేనేజర్ ఈలోపే మిమ్మల్ని పరిచయం చేస్తూ మెయిల్ పెట్టేస్తే, కొత్తది మొదలుపెట్టకుండా దానికే జవాబుగా ఇవే విషయాలు ఇంకా కుదించి రాయండి. ఆయన రాసినవి మళ్లీ చెప్పొద్దు. అదే హెచ్ఆర్ వాళ్లు ఆఫీసు మొత్తానికి పెట్టిన స్వాగతం మెయిల్ అయితే, అందరికీ వెళ్లేలా జవాబివ్వకండి, వందలమంది పెట్టెలు నిండుతాయి.

సంబోధన గురించి కూడా చాలామంది అడుగుతారు. విదేశీ టీమ్‌లతో పనిచేసే చోట్ల ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుస్తారు, "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెడితే దూరం పెట్టినట్టు ఉంటుంది. మీ ఆఫీసులో హైదరాబాద్ పెద్దవాళ్లని సార్, మేడమ్ అనే అలవాటు ఉంటే మాట్లాడేటప్పుడు అలాగే అనండి, గ్రూప్ మెయిల్‌లో మాత్రం అందరికీ ఒకటే పలకరింపు ఉండనివ్వండి.

చివరగా ఆ మూడు మెయిల్స్. ఎవరికంటే: మీకు పని ఇచ్చే మనిషి, మీరు చేసిన పని అందుకునే మనిషి, మీకన్నా ముందు ఆ పని చూసిన మనిషి. స్రవంతి విషయంలో రీఫండ్స్ రాసే డెవలపర్, విడుదలలు చూసుకునే ఆవిడ, వేరే టీమ్‌కి మారిపోయిన పాత టెస్టర్. "వీలు చూసుకుని ఒకసారి మాట్లాడుకుందాం" అని రాస్తే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఒక్క ప్రశ్న అడగండి, జవాబివ్వడానికి రెండు నిమిషాలు పట్టేలా. పాత టెస్టర్‌కి తను రాసింది ఇంతే: "రీఫండ్స్ మీ తర్వాత నేను చూస్తున్నాను. పాత టెస్ట్ కేసులు చదువుతున్నాను. వీటిలో ఎప్పుడూ మీకు సరిగ్గా నమ్మకం కుదరనివి ఏవైనా ఉన్నాయా? గురువారం పదిహేను నిమిషాలు ఇవ్వగలిగితే మీ సీటు దగ్గరికి వస్తాను." ఆయన పదిహేను నిమిషాలని చెప్పి గంటన్నర కూర్చున్నాడు, ఎక్కడా రాసిపెట్టని ఆరేడు సంగతులు చెప్పాడు. ఆయన చేసిన పని గురించి అప్పటిదాకా ఎవరూ ఆయన్ని అలా అడగలేదట.

మీరు రీఫండ్స్ చూడకపోవచ్చు, అందుకే నేను తనని అడిగిన ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతున్నాను: పాత టీమ్‌వాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి దేని గురించి అడుగుతున్నారు? దానికి జవాబు ఒక వాక్యంలో రాయండి, మెయిల్‌లో సగం పని అయిపోయినట్టే. పాత కంపెనీ పేరు, క్లయింట్ పేరు తీసేసి చిత్తుప్రతి కింద పెట్టండి. రేపు మధ్యాహ్నంలోపు పెడితే మీరు పంపేలోగా చదివి చెప్తాను.